బేదుల మాత్ర, వాల్వు మాత్ర: అనంతపురం జిల్లా మందుల షాపుల వాళ్ళకు ఒక బహిరంగ లేఖ

అనంతపురం జిల్లాలో మందుల షాపులు నడిపే అన్నలకు, కౌంటర్ దగ్గర నిలబడే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, పల్లెల్లో సంచి తగిలించుకుని తిరిగే ఆర్ఎంపీలకు నమస్కారం.

నేనూ మీలో ఒకణ్ణి. బీఫార్మసీ చదివి, ఇరవై రెండేళ్ళుగా ఒకే షట్టర్ కింద మందులు అమ్ముకుంటున్నాను. ఎవరినో తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే. కాకపోతే ఆ తప్పు మన కౌంటర్ల మీద రోజూ జరిగేదే. నా షాపులో దొరికిపోయింది, అంతే.

మా షాపుకు నెలనెలా కల్యాణదుర్గం వైపు ఒక పల్లె నుంచి ఒకాయన వచ్చి భార్యకు మందులు తీసుకుపోతాడు. ఆమెకు నలభై నాలుగేళ్ళు. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి గుండె కవాటం చెడిపోతే, ఎనిమిదేళ్ళ కిందట లోహపు వాల్వు వేశారు. అప్పటి నుంచి వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ రోజుకు 5 మిల్లీగ్రాములు. ఆ స్ట్రిప్పులు ఇచ్చేది నేనే. ఒకసారి ఎండాకాలంలో, రాత్రి షట్టర్ దించే వేళకు ఆయన వచ్చాడు.

"అన్నా, ఇంట్లో రెండు దినాల నుంచి బేదులు. ఏమన్నా మంచి మాత్ర ఇయ్యి."

"జ్వరముందా?" అంటే లేదన్నాడు. "వాంతులు?" అంటే పొద్దున ఒకసారి అయినాయన్నాడు. చేయి దానంతటదే అరలోకి పోయింది. ఒఫ్లాక్సాసిన్, ఓర్నిడజోల్ కలిసిన మాత్రలు ఆరు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు. మనందరి చేయీ ఆ అరలోకే పోతుంది. చీటీ లేకుండా అమ్మకూడదని స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంది, అదీ తెలుసు. అయినా ఇచ్చాను. ఎవరికి అని అడగలేదు. పిల్లలకేమో అనుకున్నానో, అసలేమీ అనుకోలేదో ఇప్పుడు గుర్తులేదు.

ఐదో రోజు ఆయన మళ్ళీ వచ్చాడు. బేదులు కట్టుకున్నాయంట. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తా ఉంది, విటమిన్ సి మాత్రలు ఇమ్మన్నాడు. అప్పుడు చూశాను ఆయన మొహంకేసి. "ఎవరికన్నా?" అంటే, "మా ఇంటామెకే కదన్నా, ఆ మాత్రలు గూడా ఆమెకే తీసకపోయింది" అన్నాడు. ఒంటి మీద మచ్చలేమన్నా ఉన్నాయా అని అడిగితే, మోకాలి కింద బిందె తగిలిన చోట అరచేయంత నల్లగా కమిలిందన్నాడు. మూత్రం? "రాత్రి నుంచి టీ డికాషన్ మాదిరి పోతాంది."

ఆమెను ఆ పూటే పెద్దాసుపత్రికి పంపించాను. ఐఎన్‌ఆర్ 8.4 వచ్చింది. పక్షం రోజుల ముందు చేయించిన దాంట్లో 2.8 ఉండింది.

ఐఎన్‌ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతుందో చెప్పే అంకె అని మీకు తెలుసు. మందు వాడని మనిషికి 1 దగ్గర ఉంటుంది. గుండెలో ఎడమ వైపు మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉన్నవాళ్ళకు సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వాళ్ళకు, కాళ్ళలో గడ్డలు వచ్చినవాళ్ళకు 2 నుంచి 3. నాలుగున్నర దాటిన దగ్గర నుంచి రక్తస్రావం భయం త్వరత్వరగా పెరుగుతుంది. ఇప్పుడు కొత్త మందులు వచ్చాయి కదా, ఇంకా వార్ఫరిన్ ఎందుకు అని కొందరు అడుగుతుంటారు. లోహపు వాల్వు ఉన్నవాళ్ళకు ఆ కొత్త మందులు పనికిరావు. వాటిలో ఒకటైన డాబిగట్రాన్‌ను వాళ్ళ మీద పరీక్షించి చూస్తే వాల్వుల మీద గడ్డలూ ఎక్కువయ్యాయి, రక్తస్రావమూ ఎక్కువయింది. 2013లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. కాబట్టి పుట్టపర్తిలోనో, బెంగళూరులోనో, తిరుపతిలోనో లోహపు వాల్వు వేయించుకుని మన ఊళ్ళకు తిరిగొచ్చిన ప్రతి మనిషీ బతికినన్నాళ్ళూ ఈ మాత్ర మింగాల్సిందే. వాళ్ళకు ఆపరేషన్ ఎక్కడ చేసినా, బేదులకు, పంటి నొప్పికి, మూత్రంలో మంటకు మందు అడిగేది మాత్రం మన దగ్గరే.

ఆరు మాత్రలు ఇంత పని ఎలా చేశాయో చెప్పాలి. అది తెలిస్తే రక్తపరీక్ష ఎప్పుడు చేయించాలో ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు.

వార్ఫరిన్ మాత్రలో కుడి ఎడమ చేతుల్లాంటి రెండు రూపాలు కలిసి ఉంటాయి. వాటిలో ఎస్ అనే రూపానికి బలం రెండో దానికంటే మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ. లివర్‌లో దాన్ని విరగ్గొట్టేది సీవైపీ2సీ9 అనే ఎంజైమ్. మెట్రోనిడజోల్ సరిగ్గా ఆ విరగ్గొట్టే పనినే అడ్డుకుంటుంది. కో-ట్రైమాక్సజోల్‌లో ఉండే సల్ఫామెథాక్సజోల్ చేసేదీ అదే. అప్పుడు మనిషి మింగేది అదే 5 మిల్లీగ్రాములైనా, ఒంట్లో పోగయ్యేది ఏడో ఎనిమిదో మింగినట్టు ఉంటుంది. టినిడజోల్, ఓర్నిడజోల్ కూడా మెట్రోనిడజోల్ కుటుంబంలోవే. వాటినీ అదే జాగ్రత్తతో చూడాలి. నేనిచ్చిన మాత్రలో ఓర్నిడజోల్‌కు తోడు ఒఫ్లాక్సాసిన్ కూడా ఉంది. ఆ జాతి మందులు కూడా కొందరిలో ఐఎన్‌ఆర్‌ను పెంచుతాయి.

నేను మరిచిన సంగతి ఇంకొకటి ఉంది. మందు ఒక్కటే కాదు, జబ్బు కూడా ఐఎన్‌ఆర్‌ను పెంచుతుంది. ఆమె రెండు రోజులుగా సరిగా తినలేదు. ఆకుకూర పప్పు లేదు, సంగటి లేదు, మజ్జిగన్నం ఒక ముద్ద. తిండితో వచ్చే విటమిన్ కె తగ్గిపోయింది. పేగుల్లో కొంత విటమిన్ కె తయారుచేసే సూక్ష్మజీవులను యాంటీబయాటిక్ చంపింది. బేదుల్లో కొంత అట్లే పోయింది. జ్వరం ఉంటే గడ్డకట్టే ప్రోటీన్లు ఇంకా త్వరగా ఖర్చవుతాయి. అందుకే, "ఈ యాంటీబయాటిక్‌కు వార్ఫరిన్‌తో పెద్ద గొడవ లేదు" అని పుస్తకంలో ఉన్నా, తిండి మానేసి పడుకున్న మనిషి విషయంలో ఆ మాటను నమ్ముకోకూడదు.

ఇక రోజుల లెక్క. మన ఇళ్ళ మీది నీళ్ళ ట్యాంకును తలుచుకోండి. కుళాయి మూడు రోజులకొకసారి వచ్చే వీధిలో, ఒకసారి నీళ్ళు రాకపోయినా ఆ పొద్దే కరువు కనపడదు. ట్యాంకు అడుగంటాకే కనపడుతుంది. వార్ఫరిన్ ఆపేది కొత్తగా తయారయ్యే గడ్డకట్టే ప్రోటీన్లను. ముందే తయారై రక్తంలో ఉన్నవాటిని అది ఏమీ చేయదు, అవి వాటి ఆయుష్షు ఉన్నంతసేపూ పనిచేస్తాయి. ఫ్యాక్టర్ 7 అనే ప్రోటీన్ ఆరు గంటల్లో సగమైపోతుంది. ప్రోత్రాంబిన్ సగం కావడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. అందువల్ల యాంటీబయాటిక్ మొదలైన మర్నాడు పరీక్ష చేయిస్తే ఐఎన్‌ఆర్ చక్కగా ఉంటుంది, అందరూ నిశ్చింతగా పడుకుంటారు. మూడో రోజుకు అంకె కదలడం మొదలుపెడుతుంది. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య అసలు రూపం బయటపడుతుంది. కోర్సు ఐదు రోజులే అయితే, మందు ఆపాక కూడా ఒకటి రెండు రోజులు అంకె పెరుగుతూ పోవచ్చు. ఆమెకు చిగుళ్ళు కారింది బేదులు తగ్గాకే కదా. "మందు అయిపోయింది, ఇంక భయం లేదు" అనుకునే రోజే అన్నిటికంటే భయపడాల్సిన రోజు.

కాబట్టి ఇబ్బంది పెట్టే యాంటీబయాటిక్ మొదలుపెట్టేటప్పుడు, ఈ మధ్య చేయించిన ఐఎన్‌ఆర్ లేకపోతే ఆ రోజే ఒకటి. మూడు నుంచి ఐదు రోజుల మధ్య రెండోది. కోర్సు ముగిసే వేళకు మూడోది. కోర్సు అయిపోయిన వారం తర్వాత నాలుగోది. ఈ నాలుగోదాన్ని అందరూ ఎగ్గొడతారు. దాని అవసరం ఏమిటో ముందు ముందు చెబుతాను.

ఏ మందుకు ఎంత భయపడాలి అని అడిగితే, నా లెక్క ఇది. మెట్రోనిడజోల్, దాని చుట్టాలు, కో-ట్రైమాక్సజోల్, ఈ పేర్లు వినపడితే కౌంటర్ దగ్గర నా చేయి ఆగిపోతుంది. వీటితో పాటు ఫ్లూకోనజోల్‌ను కూడా కలుపుతాను. అది యాంటీబయాటిక్ కాదు, ఫంగస్ మందు. కానీ అదే ఎంజైమ్‌ను గట్టిగా అడ్డుకుంటుంది, తామరకూ తెల్లబట్టకూ మనం చాలా తేలిగ్గా ఇచ్చేస్తుంటాం. సిప్రోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ దారి వేరు. ఇవి కొందరిలో అంకెను బాగా పెంచుతాయి, కొందరిలో అసలు కదపవు. ఎవరిలో పెంచుతాయో ముందే చెప్పలేం కాబట్టి పరీక్ష చేయించాల్సిందే. అమాక్సిసిలిన్, సెఫలెక్సిన్ మామూలుగా నెమ్మదస్తులు. క్లావులనేట్ కలిసిన అమాక్సిసిలిన్ అంత నెమ్మది కాదు, అజిత్రోమైసిన్‌తోనూ అప్పుడప్పుడు పెరుగుతుంది. అయినా ఐదారు రోజులు దాటే కోర్సుకు ఒక పరీక్ష చేయిస్తే పోయేదేమీ లేదు.

రిఫాంపిసిన్ మాత్రం ఎదురు దిక్కున లాగుతుంది. అది లివర్ ఎంజైమ్‌లను పెంచుతుంది. వార్ఫరిన్ అట్లా వచ్చి ఇట్లా పోతుంది, ఐఎన్‌ఆర్ పడిపోతుంది, వాల్వు మీద గడ్డ కట్టే భయం వస్తుంది. టీబీ మందులు మొదలైన వారం, రెండు వారాల్లో ఇది బలపడుతుంది. వార్ఫరిన్ డోసు రెండింతలో, అంతకంటే ఎక్కువో చేయాల్సి రావచ్చు. డాక్టర్లు అంతా చూసి డోసు పెంచుతారు. ఆరు నెలల టీబీ కోర్సు ముగిశాక, పెంచిన డోసును తగ్గించాలన్న సంగతిని ఎవరూ పట్టించుకోరు. రిఫాంపిసిన్ ప్రభావం కొన్ని వారాల పాటు మెల్లగా దిగుతుంది. అంటే, ఆపిన తర్వాత కూడా వారం వారం పరీక్ష చేయించి డోసు మెట్టుమెట్టుగా దించాలి. టీబీ మందులు ఎక్కువగా ఆసుపత్రి నుంచే వస్తాయి, మన కౌంటర్ మీదికి వచ్చేది తక్కువ. కానీ వార్ఫరిన్ స్ట్రిప్పులు ఉన్నట్టుండి రెట్టింపు అడిగితే మనకు తెలుస్తుంది కదా, అప్పుడు అడగవచ్చు.

పెద్దాసుపత్రిలో ఆమెకు చేసిన వైద్యం గురించి కూడా రెండు ముక్కలు. 8.4 చూసి విటమిన్ కె ఇంజెక్షన్ గట్టిగా పొడవలేదు. ఆ పని చేస్తే రక్తం చప్పున గడ్డకట్టే దశకు పోతుంది, తర్వాత కొన్ని రోజులు వార్ఫరిన్ ఎంత ఇచ్చినా పట్టదు, లోహపు వాల్వుకు అదే ప్రమాదం. మూత్రంలో రక్తం ఉంది కాబట్టి ఆమెను అక్కడే ఉంచుకున్నారు. వార్ఫరిన్ ఆపారు, నోటి ద్వారా కొద్దిపాటి విటమిన్ కె ఇచ్చారు, రోజూ పరీక్ష చేశారు. మర్నాటికి 4.6, ఆ మర్నాటికి 2.9. మళ్ళీ పాత 5 మిల్లీగ్రాములే మొదలుపెట్టారు. ఎందుకంటే ఆమె డోసు ఎప్పుడూ తప్పు కాదు, మధ్యలో దూరిన మాత్ర తప్పు. అదే రక్తం ఇంకా ఎక్కువగా, తలలోనో పేగుల్లోనో కారి ఉంటే కథ వేరే. అప్పుడు గడ్డకట్టే ప్రోటీన్లు గానీ ప్లాస్మా గానీ ఎక్కించాలి. నల్లటి జిగట విరేచనం, తగ్గని తలనొప్పి, ఆగని ముక్కు రక్తం, మామూలును మించిన నెలసరి, వీటిలో ఏది చెప్పినా వాళ్ళను షాపులో నిలబెట్టి మాట్లాడకండి, ఆటో ఎక్కించండి.

ఆ తర్వాత ఎనిమిది నెలలకు ఆమెకే పన్ను వాచింది. ఈసారి ఏం జరిగిందో రోజుల వారీగా రాస్తాను.

సోమవారం పొద్దున దంతాల డాక్టర్ చీటీతో వచ్చారు. అమాక్సిసిలిన్ 500 రోజుకు మూడుసార్లు, మెట్రోనిడజోల్ 400 రోజుకు మూడుసార్లు, డైక్లోఫెనాక్ ఉన్న నొప్పి మాత్ర రెండుసార్లు, ఐదు రోజులు. మన జిల్లాలో పంటి వాపుకు ఈ మూడింటి చీటీ ఎంత మామూలో మీకు తెలుసు. నేను డాక్టర్‌కు ఫోన్ చేసి, "మేడమ్, ఆమెకు లోహపు వాల్వు ఉంది, వార్ఫరిన్ మింగుతోంది" అన్నాను. వాల్వు సంగతి ఆమె చెప్పిందట, మాత్ర పేరు చెప్పలేదట. డైక్లోఫెనాక్ వెంటనే కొట్టేశారు. అది ఐఎన్‌ఆర్‌ను పెంచినా పెంచకపోయినా కడుపులో పుండు చేసి రక్తం కారుస్తుంది. దాని బదులు పారాసిటమాల్, అది కూడా రెండు రోజులకే. రోజుకు రెండు గ్రాముల చొప్పున వరసగా కొన్ని రోజులు వేసుకుంటే పారాసిటమాల్ కూడా ఐఎన్‌ఆర్‌ను పెంచుతుంది.

మెట్రోనిడజోల్ తీసేయవచ్చా అని అడిగాను. చీము తీసేస్తే చాలాసార్లు అమాక్సిసిలిన్ ఒక్కటే సరిపోతుంది, తీసేయగలిగితే అంతకంటే మంచిది లేదు. ఆమె విషయంలో వాపు దవడ కిందికి పాకి నోరు సరిగా తెరుచుకోవడం లేదు, తప్పదన్నారు. సరే, ఆమె గుండె డాక్టర్‌కు ఫోన్ కలిపించాను. ఇది ముఖ్యం. డోసు మార్చమని చెప్పింది ఆయన, నేను కాదు. మనం మార్చకూడదు.

ఆ పొద్దు ఐఎన్‌ఆర్ 2.9. వారానికి ఆమె మింగేది 35 మిల్లీగ్రాములు. మెట్రోనిడజోల్‌తో పాటు మూడో వంతు దాకా తగ్గించడం చాలామంది డాక్టర్ల పద్ధతి. ఆయన ముప్పై శాతం దగ్గర తగ్గిద్దామన్నారు. ముప్పై శాతం అని ఆమెకు చెబితే ఏమర్థమవుతుంది? ఆమె ఇంట్లో ఉన్నవి 5 మిల్లీగ్రాముల మాత్రలే. అందుకని సోమవారం సగం, మంగళవారం ఒకటి, బుధవారం సగం, గురువారం ఒకటి, ఇట్లా రోజు మార్చి రోజు. వారం లెక్క కడితే నాలుగు సగాలు 10, మూడు నిండు మాత్రలు 15, మొత్తం 25. తగ్గించింది ముప్పై శాతానికి కాస్త తక్కువే. క్యాలెండర్ కాగితం మీద సగం రోజుల దగ్గర అరచందమామ, నిండు రోజుల దగ్గర పున్నమి చంద్రుణ్ణి గీసి ఇచ్చాను. ఆమె చదువుకోలేదు, చంద్రుడైతే తెలుసు.

గురువారం పరీక్షలో 3.1. యాంటీబయాటిక్ శుక్రవారం రాత్రి అయిపోయింది. శనివారం 3.4. చూశారా, డోసు ముప్పై శాతం తగ్గించినా అంకె పైకే పోయింది. తగ్గించకుండా ఉండి ఉంటే ఎక్కడికి పోయేదో ఊహించుకోండి. అయినా 3.5 లోపే ఉంది. మెట్రోనిడజోల్ ఒకటి రెండు రోజుల్లో ఒంట్లో నుంచి వెళ్ళిపోతుంది కాబట్టి ఆదివారం నుంచి మళ్ళీ రోజుకు నిండు మాత్ర వేసుకోమన్నారు. ఆ తర్వాతి శుక్రవారం 2.6.

ఎగ్గొట్టకూడదన్న నాలుగో పరీక్ష ఇదే. యాంటీబయాటిక్ అయిపోయినా సగం మాత్ర అలవాటు మానకుండా ఇంకో పది రోజులు పోతే, అడ్డుపడే మందు ఉండదు, వార్ఫరిన్ తక్కువ, ఐఎన్‌ఆర్ 2 కిందికి జారుతుంది. అప్పుడు రక్తం కారదు, ఎవరికీ ఏమీ తెలియదు. వాల్వు మీద మెల్లగా గడ్డ పేరుకుంటుంది. రాత్రి పడుకున్నప్పుడు గడియారం మాదిరి టిక్కు టిక్కుమనే చప్పుడు లోహపు వాల్వు ఉన్నవాళ్ళలో చాలామందికి అలవాటే. ఆ చప్పుడు మొద్దుబారితే, కొత్తగా ఆయాసం వస్తే, మాట తడబడితే, చేయి వాలిపోతే అది గంటల్లో ఆసుపత్రికి చేరాల్సిన పని. ముందుగా డోసు తగ్గించడం మంచిదా చెడ్డదా అని డాక్టర్ల మధ్య కూడా ఒకే మాట లేదు. పరీక్షకు రాగల మనిషికైతే తగ్గించవచ్చు. తగ్గించాక మళ్ళీ కనపడని మనిషికి మాత్రం అది ఇంకో ప్రమాదం. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి వాటికి చాలామంది ముందుగా ఏమీ తగ్గించరు, త్వరగా పరీక్ష చేసి చూస్తారు.

ల్యాబుల గురించి ఒక మాట. ఒకే మనిషిని ఒకసారి ఒక ల్యాబుకు, ఇంకోసారి ఇంకో ల్యాబుకు పంపకండి. రోగి రక్తం గడ్డకట్టే సెకన్లను కంట్రోల్ సెకన్లతో భాగిస్తే రేషియో వస్తుంది. దాన్ని వాడిన రసాయనానికి ఉన్న ఐఎస్ఐ అనే అంకెతో ఘాతానికి పెంచితేనే ఐఎన్‌ఆర్ అవుతుంది. రోగికి 30 సెకన్లు, కంట్రోల్ 12 అనుకోండి. రేషియో 2.5. ఐఎస్ఐ 1 అయితే ఐఎన్‌ఆర్ కూడా 2.5. ఐఎస్ఐ 1.2 అయితే అదే రక్తానికి 3.0. కొన్ని చోట్ల రేషియోనే ఐఎన్‌ఆర్ అని రాసిచ్చిన కాగితాలు నేను చూశాను. రిపోర్టులో ఐఎస్ఐ రాసి ఉందో లేదో చూడండి. నీలం మూత ట్యూబు గీత దాకా నిండకపోతే, లోపలి సిట్రేట్ ద్రవం పాళ్ళు ఎక్కువై ఐఎన్‌ఆర్ అబద్ధంగా పెరుగుతుంది. మనిషి హాయిగా ఉండి అంకె ఒక్కటే భయపెడుతుంటే, డోసు ముట్టుకునే ముందు ఇంకోసారి రక్తం తీయించడం తెలివైన పని.

ఇదంతా చదివి, "అయితే వార్ఫరిన్ వాళ్ళకు యాంటీబయాటిక్ ఇవ్వకుండా పంపించేస్తాం" అనుకునేవాళ్ళు ఉంటారు. దయచేసి అట్లా చేయవద్దు. పన్ను పీకే ముందు వాల్వు ఉన్నవాళ్ళకు వేసుకోమనే అమాక్సిసిలిన్ రెండు గ్రాములు ఒక్కసారికే. అది ఐఎన్‌ఆర్‌ను చెప్పుకోదగ్గంత కదపదు, వాల్వుకు చీము పట్టకుండా కాపాడుతుంది. పన్ను కోసం వార్ఫరిన్ ఆపమనీ చెప్పకండి, అంకె హద్దుల్లో ఉంటే ఆపకుండానే పీకుతారు. ఇంకొకటి, వాల్వు ఉన్న మనిషి నాలుగు రోజులుగా జ్వరం అంటూ వస్తే, మన అరలోంచి ఏదో ఒక యాంటీబయాటిక్ ఇచ్చి పంపడం ఘోరమైన తప్పు. వాల్వుకే ఇన్ఫెక్షన్ అయి ఉండవచ్చు. బ్లడ్ కల్చర్ తీయకముందే మనం రెండు మాత్రలు వేయిస్తే, క్రిమి కల్చర్‌లో దొరకదు, డాక్టర్ గుడ్డిగా వైద్యం చేయాల్సి వస్తుంది.

మరి కౌంటర్ దగ్గర ఏం చేయాలి? నేను చేస్తున్నది చెబుతాను. యాంటీబయాటిక్ అడిగినవాళ్ళను మూడు మాటలు అడుగుతాను. ఎవరికి? వాళ్ళకు గుండె ఆపరేషన్ గానీ, రక్తం పల్చబడే మాత్ర గానీ ఉందా? ఆ మాత్ర చీటీ ఉందా, ఫోన్‌లో ఫోటో ఉందా? "రక్తం పల్చబడే మాత్ర" అంటే చాలామంది ఆస్పిరిన్ చూపిస్తారు, అందుకే స్ట్రిప్పు చూడాలి. దాని మీద వార్ఫరిన్ అని ఉండవచ్చు, ఏసినోకౌమరాల్ అని ఉండవచ్చు, దాన్నే నికౌమలోన్ అని కూడా వేస్తారు. కథ మొత్తం ఒకటే.

ఆ మాత్ర ఉందని తేలితే చీటీ లేకుండా ఏ యాంటీబయాటిక్ కూడా ఇవ్వను. బేదులకైతే ఓఆర్ఎస్ ఇస్తాను, డాక్టర్ దగ్గరికి పంపిస్తాను. నిజానికి మామూలు నీళ్ళ బేదుల్లో ఎక్కువ వాటికి యాంటీబయాటిక్ పనే లేదు. ఆ రాత్రి ఆమెకు కావలసింది నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు మాత్రమేనేమో అనే ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. చీటీ ఉంటే, రాసిన డాక్టర్‌కు ఫోన్ చేసి వార్ఫరిన్ ఉందని చెబుతాను. ఫోన్ చేస్తే కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. యాంటీబయాటిక్ కవర్ మీద పెన్నుతో పరీక్ష తారీఖులు రాసిస్తాను.

మన మందుల షాపుల సంఘం పెద్దలను ఒక్కటి కోరుతున్నాను. వార్ఫరిన్ కొనేవాళ్ళు ఒక్కో షాపుకు పదిమందో పదిహేనుమందో ఉంటారు, వేలమంది కాదు. ప్రతి షాపులో వాళ్ళకో నోటు పుస్తకం పెట్టిద్దాం. పేరు, ఊరు, ఎందుకు వాడుతున్నారు, వారానికి ఎన్ని మిల్లీగ్రాములు, ఉండాల్సిన హద్దు ఎంత, చివరి ఐఎన్‌ఆర్ ఎప్పుడు, ఎంత, డాక్టర్ నంబరు. నెల మాత్రలు ఇచ్చేటప్పుడు ఆ వరస నింపితే చాలు, రెండు నిమిషాల పని. రాబోయే నెల మీటింగులో నా పుస్తకం తెస్తాను, గీతలు ఎలా కొట్టుకున్నానో చూడండి, బాగోలేకపోతే మార్చండి. ఊళ్ళోని దంతాల డాక్టర్లను కూడా ఆ పూటకు పిలిస్తే బాగుంటుంది, పంటి చీటీలే ఎక్కువ వస్తాయి కాబట్టి.

నా పుస్తకంలో ఇప్పుడు పదమూడు పేర్లున్నాయి. మొదటి వరస ఆమెదే. ఆమె చివరి అంకె 2.7, మళ్ళీ పరీక్ష వచ్చే మంగళవారం.

ఇట్లు,
మీలో ఒకడు,
కల్యాణదుర్గం రోడ్డు, అనంతపురం